క్యాప్షన్ తీసేయడానికి క్రాపా, కట్టా: 42 స్క్రీన్‌షాట్ల కేస్ స్టడీ

"అక్కా, క్యాప్షన్‌ని మార్క్ చేసి క్రాప్ కొట్టాను. క్యాప్షన్ ఒక్కటే మిగిలింది, మిగతా బొమ్మంతా పోయింది."

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. స్క్రీన్ మీద 1440 పిక్సెళ్ల వెడల్పు, 90 పిక్సెళ్ల ఎత్తున్న ఒక నల్ల పట్టీ ఉంది. దాని మీద తెల్ల అక్షరాలతో "ఇక్కడ రసీదు వివరాలు సరిచూసుకోండి" అని ఉంది. ఆ అమ్మాయి తీసేయాలనుకున్నది అదే. మిగిలింది కూడా అదే.

నేను శిక్షణ పుస్తకాలు, యూజర్ మాన్యువళ్లు తయారు చేస్తాను. ఈ పని ఒక సహకార పరపతి సంఘానికి. సంఘంలో కొత్త అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాన్ని నేర్పిస్తూ ఎవరో వీడియో తీశారు. ఆ వీడియోని అక్కడక్కడా ఆపి, 42 స్క్రీన్‌షాట్లు తీసి మాకు పంపారు. ప్రతి దాని మీదా వీడియోలోని క్యాప్షన్ పట్టీ పడింది. పుస్తకంలో వివరణ మేం విడిగా రాస్తాం కాబట్టి ఆ పట్టీలు పోవాలి, కింద ఉన్న స్క్రీన్ కనబడాలి. అన్నీ 1920×1080 సైజులో ఉన్న పి.ఎన్.జి. ఫైళ్లు. మేం వాడింది గింప్, దానితో పాటు కమాండ్ లైన్‌లో ఇమేజ్‌మ్యాజిక్.

మార్క్ చేసింది ఉంటుందా, పోతుందా

ఆ అమ్మాయి చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. దానికి కారణం మాటలోనే ఉంది. మామూలుగా మనం "క్రాప్ చేసెయ్" అంటే "అక్కర్లేనిది తీసెయ్" అనే అర్థంలో అంటాం. అందుకే చెయ్యి నేరుగా అక్కర్లేని దాని మీదికి వెళ్లి దాన్నే మార్క్ చేస్తుంది. ప్రోగ్రాముకు మాత్రం క్రాప్ అంటే మార్క్ చేసినది ఉంచి, దాని బయట ఉన్నదంతా పారేయడం. కట్ అంటే అందుకు పూర్తిగా ఎదురు. మార్క్ చేసినది పోతుంది, బయట ఉన్నది ఉంటుంది.

గింప్‌లో దీర్ఘచతురస్రపు సెలక్షన్‌తో క్యాప్షన్‌ని మార్క్ చేసి Image > Crop to Selection నొక్కితే క్యాప్షన్ మిగులుతుంది. అదే సెలక్షన్ మీద Edit > Cut గానీ, డిలీట్ మీట గానీ నొక్కితే క్యాప్షన్ పోయి, ఆ చోట ఒక ఖాళీ మిగులుతుంది. బొమ్మ సైజు 1920×1080 గానే ఉంటుంది.

మూడోది ఇంకొకటి ఉంది. పట్టీ ఉన్న వరుసలను ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా తీసేసి, పైభాగాన్ని కింది భాగాన్ని దగ్గరకు జరిపి అతికించడం. బట్టలో మధ్య ముక్క కత్తిరించి రెండు అంచులు కలిపి కుట్టినట్టు. స్నాగిట్‌లో దీని పేరు Cut Out. ఇమేజ్‌మ్యాజిక్‌లో chop. ఇందులో ఖాళీ మిగలదు, బొమ్మ ఎత్తు తగ్గుతుంది. పేరు చూసి మామూలు కట్ అనుకుంటే ఇబ్బందే. ఈ కేసులో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

ఆ అమ్మాయికి ఇవన్నీ ఒకేసారి చెప్పలేదు. ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోమన్నాను: నొక్కబోయే ముందు, "నేను గీసిన గీత లోపల ఉన్నది నాకు కావాలా, వద్దా?" కావాలంటే క్రాప్. వద్దంటే కట్. రెండో రోజుకల్లా ఈ పొరపాటు మళ్లీ రాలేదు. అయితే మొదటి నాలుగు బొమ్మలూ అసలు ఫైళ్ల మీదే సేవ్ అయిపోయాయి. వాటిని సంఘం నుంచి మళ్లీ తెప్పించుకున్నాం. ఆ తర్వాత అసలు ఫైళ్లన్నీ వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఎవరూ మార్చకుండా రీడ్ ఓన్లీ చేశాం.

అంచున ఉన్న క్యాప్షన్

42 బొమ్మలనూ ఒక్కొక్కటే తెరిచి, పట్టీ ఎక్కడ ఉందో, దాని కింద ఏముందో చూసి మూడు గుట్టలు చేశాను. ఈ పనికి గంట పట్టింది. దీన్ని ముందే చేయకపోతే ప్రతి బొమ్మ దగ్గరా కొత్తగా ఆలోచించాల్సి వచ్చేది.

మొదటి గుట్టలో 23 బొమ్మలు. వాటిలో పట్టీ అట్టడుగున, విండోస్ టాస్క్‌బార్‌ను కప్పుతూ ఉంది. టాస్క్‌బార్ మాకు ఎలాగూ అక్కర్లేదు. ఇక్కడ క్రాప్‌ను మించింది లేదు. పట్టీ పైనుంచి 970వ పిక్సెల్ వరుస దగ్గర మొదలవుతోంది. నేను 960 దగ్గర ఆపాను. ఆ పది పిక్సెళ్లు ఎందుకు వదిలానంటే, క్యాప్షన్ పట్టీకి పైన సన్నటి నీడ ఉంది. మామూలుగా చూస్తే కనబడదు. 400 శాతానికి పెద్దది చేసి చూస్తే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నాలుగైదు పిక్సెళ్ల మేర బూడిద రంగు మసక ఉంది. వీడియో నుంచి తీసిన బొమ్మ కాబట్టి, వీడియో కంప్రెషన్ వల్ల ముదురు అంచు పక్కన మరకలు కూడా పడ్డాయి. పట్టీ అంచు వెంట సరిగ్గా కోస్తే ఆ మసక గీత పుస్తకంలో ప్రతి బొమ్మ అడుగునా వచ్చేది.

అన్నిటికీ ఒకే కొలత కాబట్టి కమాండ్‌తో చేశాం:

```
magick in.png -crop 1920x960+0+0 +repage out.png
```

ఇందులో +repage మర్చిపోకూడదు. అది లేకపోతే పిక్సెళ్లు తగ్గినా, పాత కాన్వాస్ కొలత ఫైల్‌లో గుర్తుగా ఉండిపోతుంది. కొన్ని ప్రోగ్రాములు దాన్ని చదివి బొమ్మ చుట్టూ ఖాళీ చూపిస్తాయి.

ఎత్తు మాత్రమే తగ్గించాం, వెడల్పు ముట్టుకోలేదు. పేజీలో బొమ్మలన్నీ ఒకే వెడల్పుకు సర్దుతాం. ఒక బొమ్మను పక్క నుంచి కూడా క్రాప్ చేస్తే, పేజీ వెడల్పుకు సాగేటప్పుడు అందులోని అక్షరాలు మిగతా వాటికన్నా పెద్దవిగా కనబడతాయి. చదివేవాళ్లు అది వేరే స్క్రీన్ అనుకుంటారు.

ఖాళీ చోటున ఉన్న క్యాప్షన్

రెండో గుట్టలో 11 బొమ్మలు. పట్టీ మధ్యలో ఎక్కడో ఉంది, దాని కింద ఏమీ లేదు, ఫారంలోని ఖాళీ జాగా అంతే. కిందనేమో సేవ్ బటన్ ఉంది. క్రాప్ చేస్తే ఆ బటన్ పోతుంది. క్రాప్ నాలుగు అంచుల నుంచే తీయగలదు, నడుమ నుంచి తీయలేదు. కాబట్టి ఇక్కడ మార్క్ చేసిన భాగాన్ని తీసేసి, ఖాళీని నింపాలి.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బతిన్నాం. మొదట డిలీట్ నొక్కితే కొన్ని బొమ్మల్లో ఆ చోటు తెల్లగా మారింది, కొన్నింటిలో గడుల గడుల నమూనా వచ్చింది. గడులు వచ్చినవాటికి ఆల్ఫా ఛానల్ ఉంది. అంటే ఆ చోటు నిజంగా తెల్ల రంగు కాదు, ఆరపార కనిపించే రంధ్రం. తెల్ల పేజీ మీద పెడితే తెల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. అదే ఫైల్‌ను నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ఫోటో వ్యూయర్‌లో తెరిచి చూపించాను. ఫారం మధ్యలో నల్లటి పలక కనబడింది. ఆల్ఫా ఛానల్ లేనివాటిలో మాత్రం అప్పటికి బ్యాక్‌గ్రౌండ్ రంగుగా ఏది ఉంటే అది నిండింది. మాకు అప్పుడు తెలుపు ఉంది కాబట్టి తెలుపు.

రెండో దెబ్బ ఆ తెలుపు వల్లే. ఫారం బ్యాక్‌గ్రౌండ్ అచ్చమైన తెలుపు కాదు. కలర్ పికర్‌తో చూస్తే 247, 248, 250 అని వచ్చింది. అచ్చ తెలుపు 255, 255, 255. మంచి మానిటర్ మీద ఆ అతుకు చూడగానే తెలిసిపోయింది. అందుకే పద్ధతి మార్చాం. ముందు పట్టీకి కాస్త దూరంలో కలర్ పికర్‌తో రంగు తీసుకుని దాన్ని బ్యాక్‌గ్రౌండ్ రంగుగా పెట్టాలి. తర్వాత పట్టీని, దాని నీడతో కలిపి, చుట్టూ ఆరు పిక్సెళ్లు ఎక్కువగా మార్క్ చేయాలి. ఆపైన డిలీట్ కాకుండా Edit > Fill with BG Color. ఇలా నింపితే ఆల్ఫా ఛానల్ ఉన్నా లేకపోయినా రంధ్రం పడదు.

నింపాక ఒక పరీక్ష చేశాం. అసలు బొమ్మను కింది లేయర్‌గా, సవరించినదాన్ని పైలేయర్‌గా పెట్టి, పైదాని మోడ్‌ను Difference కి మార్చాలి. రెండూ ఒకటిగా ఉన్నచోట నలుపు వస్తుంది, తేడా ఉన్నచోట వెలుగుతుంది. మేం తీసేసిన పట్టీ ఆకారం తప్ప ఇంకెక్కడా వెలుగు ఉండకూడదు. ఒక బొమ్మలో పట్టీ పక్కన సన్నటి నిలువు గీత కూడా వెలిగింది. మార్క్ చేసేటప్పుడు గీత కాస్త జరిగి, పక్కన ఉన్న టెక్స్ట్ బాక్సు అంచును తినేసింది. మామూలు చూపుకు అది దొరికేది కాదు.

పట్టిక మీద పడ్డ క్యాప్షన్

ఇక మిగిలిన 8 బొమ్మలు. వీటిలో పట్టీ కింద నిజమైన సమాచారం ఉంది. వాటిలో 14వ బొమ్మ గురించి వివరంగా చెప్తాను.

అది రోజువారీ రసీదుల పట్టిక. ఎడమవైపు 240 పిక్సెళ్ల వెడల్పున మెనూ. దాని పక్కన పట్టిక. పట్టికలో ఒక్కో వరుస 30 పిక్సెళ్ల ఎత్తు, మొత్తం 24 వరుసలు. మొదటి వరుస పైనుంచి 270వ పిక్సెల్ దగ్గర మొదలవుతుంది, 24వ వరుస 990 దగ్గర అయిపోతుంది. దాని కింద మొత్తం చూపించే వరుస, దాని కింద సేవ్ బటన్. క్యాప్షన్ పట్టీ 870 నుంచి 960 దాకా ఉంది. అంటే 21, 22, 23 వరుసలు సరిగ్గా దాని కింద పడ్డాయి.

క్రాప్ చేస్తే 870 దగ్గర ఆపాలి. 24వ వరుస, మొత్తం, సేవ్ బటన్ అన్నీ పోతాయి. ఆ పేజీలో మేం చెప్పాల్సింది "మొత్తం సరిచూసుకుని సేవ్ నొక్కండి" అని. కాబట్టి క్రాప్ పనికిరాదు. రంగుతో నింపితే పట్టిక మధ్యలో పలక పెట్టినట్టు ఖాళీ. అదీ పనికిరాదు.

అప్పుడు ఆ అమ్మాయి ఇమేజ్‌మ్యాజిక్‌లో chop చేసి చూపించింది:

```
magick in.png -chop 0x90+0+870 +repage out.png
```

870వ పిక్సెల్ వరుస నుంచి 90 పిక్సెల్ వరుసలు తీసేసి మిగతాది పైకి జరపమని దీని అర్థం. బొమ్మ ఎత్తు 1080 నుంచి 990 కి తగ్గింది. ఫలితం చూసి ఆ అమ్మాయి సంతోషపడింది. నిజంగానే అతుకు కనబడలేదు. పట్టీ ఎత్తు 90, వరుస ఎత్తు 30, సరిగ్గా మూడు వరుసలు కాబట్టి గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

నేను వరుస సంఖ్యలు చదివాను. 19, 20, 24. తర్వాత మొత్తం చూశాను. ఆ బొమ్మలో మొత్తం 61,350 రూపాయలు అని ఉంది. కనబడుతున్న వరుసలు కాలిక్యులేటర్‌లో కూడితే 54,100 వచ్చింది. పోయిన మూడు వరుసల్లో 7,250 రూపాయలు ఉన్నాయి. ఈ పుస్తకం చదివేది సంఘంలో లెక్కలు రాసేవాళ్లు. లెక్క కూడి చూడటం వాళ్ల అలవాటు. "సాఫ్ట్‌వేర్ మొత్తం తప్పు చూపిస్తోంది" అని మొదటి రోజే ఫోన్ వస్తుంది.

ఇంకొకటి అప్పటికి మాలో ఎవరమూ గమనించలేదు. chop బొమ్మ ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసేస్తుంది. క్యాప్షన్ పట్టీ 240 దగ్గర మొదలైంది కాబట్టి మెనూ మీద పడలేదు, మెనూ పూర్తిగా కనబడుతోంది. chop చేశాక ఆ 90 పిక్సెళ్లలో ఉన్న రెండు మెనూ అంశాలు కూడా పోయాయి. వాటిలో ఒకటి "రోజు ముగింపు". మా పుస్తకంలో తర్వాతి పేజీ "ఎడమవైపు మెనూలో రోజు ముగింపు నొక్కండి" అని మొదలవుతుంది. అది ప్రూఫ్ దశలో బయటపడింది. క్యాప్షన్ కప్పని భాగాన్ని కూడా మా చేతులతో మేమే పోగొట్టాం.

అతుకు కనబడకపోవడం నాకు మంచిగా అనిపించలేదు. అతుకు కనబడితే చదివేవాడు "ఇక్కడేదో తీసేశారు" అనుకుంటాడు. కనబడకపోతే స్క్రీన్ అలాగే ఉంటుందని నమ్ముతాడు. వెబ్ పేజీలో పొడవాటి ఖాళీ జాగాను కుదించడానికి ఈ పద్ధతి చక్కగా ఉంటుంది. లెక్కల పట్టికలో, వరుస సంఖ్యలున్న చోట, ముందూ వెనకా సంబంధం ఉన్న చోట వాడితే కోసినట్టు కనబడేలా వాడాలి.

పట్టీ వెనక ఉన్నదాన్ని తిరిగి తేవచ్చా

సంఘం సెక్రటరీ గారు ఫోన్‌లో అడిగారు: "ఆ పట్టీ కొంచెం ఆరపారగానే ఉంది కదమ్మా, వెనక అంకెలు లీలగా కనబడుతున్నాయి. దాన్ని తెల్లగా చేయలేరా?"

ఆయన అడిగింది అర్థం లేనిదేం కాదు. ఆ పట్టీ 70 శాతం నలుపు. అంటే వెనక ఉన్న వెలుగులో 30 శాతం ఇంకా వస్తోంది. తెలుపు 255 అయితే పట్టీ కింద అది సుమారు 77 గా మారింది. గింప్‌లో పట్టీని మాత్రమే మార్క్ చేసి, Colors > Levels లో తెలుపు బిందువును 255 నుంచి 77 కి లాగితే పాత వెలుగు తిరిగి వస్తుంది. చేసి చూశాను. పట్టిక గీతలు, కొన్ని అంకెలు బయటపడ్డాయి.

కానీ రెండు హద్దులు తగిలాయి. తెల్ల అక్షరాలు ఆరపార కాదు, పూర్తి తెలుపు. అవి ఉన్నచోట వెనక ఏముందో ఫైల్‌లో ఎక్కడా లేదు, ఏ టూల్ వచ్చినా తేలేదు. రెండోది, 256 మెట్ల వెలుగు 77 మెట్లకు నలిగిపోయింది. అది చాలదన్నట్టు వీడియో కంప్రెషన్ ఆ ముదురు భాగంలోని సూక్ష్మమైన తేడాలను చెరిపేసింది. లాగి పెంచితే మరకలు కూడా పెరిగాయి. 3 అంకె, 8 అంకె తేడా తెలియని చోట్లు వచ్చాయి. ఇలా తేల్చిన అంకెలను పుస్తకంలో అచ్చు వేయడానికి నేను ఒప్పుకోలేదు. వెనక ఏం ఉందో ఊహకు తెలుసుకోవడానికి మాత్రం ఈ పద్ధతి పనికొచ్చింది. వరుసల్లో ఖాళీ ఉందా, సమాచారం ఉందా అన్నది దీనితోనే ఖాయం చేసుకున్నాం.

ఈ సంభాషణలోనే నేను ముందే అడగాల్సిన ప్రశ్న అడిగాను: "సార్, అసలు వీడియో మీ దగ్గర ఉందా?" ఉంది. రెండు రోజుల పని అయ్యాక అడిగాను. మొదటి గంటలోనే అడగాల్సింది.

వీడియో వచ్చాక ముందు చూసింది, క్యాప్షన్ విడి ట్రాక్‌లో ఉందా, బొమ్మలోనే కలిసిపోయి ఉందా అని. వి.ఎల్.సి. ప్లేయర్‌లో V మీట నొక్కితే సబ్‌టైటిల్ ట్రాకులు మారతాయి, ఆగిపోతాయి. మా వీడియోలో ఏమీ మారలేదు, బొమ్మలోనే కలిసి ఉంది. అయినా ఒక మేలు ఉంది. క్యాప్షన్ స్క్రీన్ మీద ఎప్పుడూ ఉండదు. చెప్పేవాడు స్క్రీన్ తెరుస్తాడు, ఒకటి రెండు సెకన్లు ఆగుతాడు, అప్పుడు పట్టీ వస్తుంది. ఆ ముందు క్షణంలో అదే స్క్రీన్ ఏ పట్టీ లేకుండా ఉంటుంది. వి.ఎల్.సి. లో E మీటతో ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుపుతూ ఆ చోటు పట్టుకుని, సమయం రాసుకుని, ఎఫ్.ఎఫ్.ఎమ్‌పెగ్‌తో తీశాం:

```
ffmpeg -ss 00:12:41 -i video.mp4 -frames:v 1 14.png
```

14వ బొమ్మతో సహా 8 లో 5 ఇలా శుభ్రంగా దొరికాయి. మిగిలిన మూడింటిలో స్క్రీన్ మారుతూనే క్యాప్షన్ వచ్చేసింది, ఖాళీ క్షణం లేదు.

ఆ మూడింటిలో రెండు పట్టికలు. వాటిని chop చేశాం, కానీ అతుకు దాచలేదు. పట్టికను మాత్రమే వేరే బొమ్మగా తీసి, పైముక్కకు, కిందిముక్కకు మధ్య చిరిగిన కాగితం అంచులా వంకర గీత వేశాం. బొమ్మ కింద "21 నుంచి 23 దాకా వరుసలు ఇక్కడ చూపలేదు" అని ఒక్కో పట్టికకు సరిపోయే సంఖ్యలతో రాశాం. మెనూ కోసం మరో చిన్న క్రాప్ పక్కన పెట్టాం. మూడోది ఒక ఫారం. దాన్ని రెండు క్రాపులుగా విడగొట్టాం, పట్టీకి పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి. పేజీలో రెండు అడుగులుగా రాస్తే సహజంగానే ఒదిగాయి. పట్టీ వెనక పోయినది ఒక్క తేదీ గడి, దాని గురించి వేరే పేజీలో ఎలాగూ ఉంది.

పోయిందనుకున్నది నిజంగా పోయిందా

మూడు బొమ్మల్లో క్యాప్షన్‌లోనే ఒక సభ్యుడి ఖాతా నంబరు ఉంది. చెప్పేవాడు ఉదాహరణగా వాడుకున్నాడు. అది నిజమైన నంబరని సెక్రటరీ గారు చెప్పారు. అప్పటిదాకా క్యాప్షన్ తీసేయడం అందం కోసం, ఆ క్షణం నుంచి అది గోప్యత కోసం.

అంతకు ముందే సంఘంలో ఎవరో ఆ మూడు బొమ్మలను వర్డ్ ఫైల్‌లో పెట్టి, వర్డ్‌లోనే క్రాప్ చేసి, అందరికీ పంపడానికి సిద్ధం చేశారు. పేజీలో చూస్తే క్యాప్షన్ లేదు. నేను ఆ ఫైల్ చివర .docx బదులు .zip అని మార్చి తెరిచాను. word/media ఫోల్డర్‌లో మూడు బొమ్మలూ పూర్తిగా, క్యాప్షన్‌తో, ఖాతా నంబరుతో ఉన్నాయి. వర్డ్‌లో క్రాప్ అంటే మామూలుగా దాచడమే, తీసేయడం కాదు. బొమ్మ మీద నొక్కి Compress Pictures లోకి వెళ్లి, Delete cropped areas of pictures అన్నదాన్ని టిక్ చేస్తేనే ఆ భాగం ఫైల్ నుంచి పోతుంది. ఫోటోషాప్‌లోనూ ఇలాంటిదే Delete Cropped Pixels అనే టిక్ ఉంది. అది లేకుండా క్రాప్ చేసి పి.ఎస్.డి. పంపితే తీసేశామనుకున్నది అవతలివాళ్లకు చేరుతుంది.

ఫోన్‌లో చేసినా నిశ్చింతగా ఉండలేం. 2023 మార్చిలో బయటపడ్డ ఒక లోపాన్ని ఎక్రొపాలిప్స్ అన్నారు. పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ క్రాప్ చేసి అదే ఫైల్ మీద సేవ్ చేసినప్పుడు, కొత్త చిన్న ఫైల్ పాత పెద్ద ఫైల్ మీద రాసేది గానీ, పాత ఫైల్ తోకను కోసేది కాదు. ఆ మిగిలిన తోక నుంచి క్రాప్ చేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి తీయగలిగారు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో కూడా అలాంటి లోపమే ఉందని అదే నెలలో తేలింది. రెండింటినీ సరిచేశారు. కానీ అంతకుముందు క్రాప్ చేసి దాచుకున్న ఫైళ్లు అలాగే ఉంటాయి. పి.ఎన్.జి. ఫైల్ IEND అనే గుర్తుతో ముగియాలి. దాని తర్వాత కూడా సమాచారం ఉంటే అనుమానించాలి. ఫైల్‌ను ఒక ఎడిటర్‌లో తెరిచి కొత్త పేరుతో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ తోక రాదు.

ఆ మూడు బొమ్మలకు మేం వర్డ్‌ను నమ్ముకోలేదు. అసలు ఫైళ్ల నుంచి గింప్‌లో పట్టీని రంగుతో నింపి, కొత్త పేరుతో పి.ఎన్.జి. గా ఎక్స్‌పోర్ట్ చేశాం. తర్వాత ఇందాక చెప్పిన Levels ప్రయోగం దాని మీద కూడా చేశాం. నింపిన చోట ఎంత లాగినా ఒకే రంగు వచ్చింది, కింద అక్షరం జాడ ఏదీ లేదు. మసక వేయడం, గడులు గడులుగా చేయడం వద్దన్నాను. ఖాతా నంబరులో వచ్చేవి సున్నా నుంచి తొమ్మిది దాకా పది రకాల అంకెలే కాబట్టి, మసకగా ఉన్నా ఏ అంకె ఏ ఆకారం ఇస్తుందో పోల్చి చూసి ఊహించే వీలుంది. ఒకే రంగు నింపితే ఆ వీలు లేదు.

సంఘంలో తయారైన ఆ వర్డ్ ఫైల్‌ను సెక్రటరీ గారి ముందే తీసేయించాం. అప్పటికి ఇద్దరికి మెయిల్ వెళ్లి ఉంది. వాళ్లకు ఆయనే ఫోన్ చేసి, ఆ ఫైల్ తెరవకుండా తొలగించమన్నారు. ఆ సభ్యుడికి కూడా విషయం చెప్పారు. పుస్తకానికి వెళ్లిన బొమ్మల్లో ఆ ఉదాహరణ స్థానంలో సంఘం వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఒక శిక్షణ ఖాతా తెరిచి, ఆ మూడు స్క్రీన్లూ క్యాప్షన్ లేకుండా కొత్తగా తీసి పంపారు.